ఇంటర్వ్యూకి లేతనీలం చొక్కా, బొగ్గురంగు ప్యాంటు: ఈ జత బలం ఎక్కడుంది?

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల బట్టల షాపుల్లో, చదువులు పూర్తయ్యే రోజులొస్తే ఒక మాట తరచూ వినిపిస్తుంది. "ఇంటర్వ్యూ ఉందండీ, దానికి సరిపోయే జత చూపించండి." షాపాయన ఒక తెల్ల చొక్కానో ఆకాశనీలం చొక్కానో తీసి, దాని కింద నల్ల ప్యాంటు పరిచి, "ఇదే బాబూ, అందరూ ఇదే పట్టుకెళ్తారు" అంటాడు. ఆయన చెప్పింది తప్పేమీ కాదు, కాకపోతే సగమే. అదే నీలంలో ఒక ఛాయ వేసుకుంటే నిలకడగల మనిషిలా కనిపిస్తాడు, దాని పక్క ఛాయ వేసుకుంటే కాలేజీ యూనిఫాంలోనే వచ్చేశాడా అనిపిస్తుంది. అదే నలుపు, కొత్తగా ఉన్నప్పుడు ఒకలా మాట్లాడుతుంది, ఇరవై ఉతుకులు పడ్డాక వేరేలా మాట్లాడుతుంది. ఆ మిగతా సగం ఎవరూ చెప్పరు, ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాడికి కావలసింది అదే.

ముందుగా ఒక అపోహ సంగతి చూడాలి. నీలం అంటే నమ్మకం, ఎరుపు అంటే దూకుడు, పసుపు అంటే సంతోషం అని ఫోన్‌లో వీడియోలు చాలానే తిరుగుతుంటాయి. రంగు పేరుకి అంత శక్తి లేదు. నిగనిగలాడే రాయల్ బ్లూ చొక్కా కూడా నీలమే, కానీ అది చూస్తే పెళ్లి రిసెప్షన్ గుర్తొస్తుంది తప్ప ఉద్యోగం గుర్తురాదు. ఎదుటి మనిషి కంటికి పనిచేసేవి రంగు పేరు కంటే మూడు వేరే విషయాలు: ఆ రంగు ఎంత తేటగా లేదా ముదురుగా ఉంది, ఎంత గాఢంగా ఉంది, బట్ట ఎంత తాజాగా ఉంది. ఈ మూడూ సరిపోయినప్పుడు నీలమైనా పర్వాలేదు, లేత గులాబీ అయినా పర్వాలేదు. లేతనీలం ఎక్కువమందికి కుదరడానికి కారణం ఈ మూడూ దాంట్లో సులువుగా కుదరడమే.

అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జానీన్ విల్లిస్, అలెగ్జాండర్ టోడోరోవ్ 2006లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. తెలియని మనుషుల ముఖాల ఫొటోలను సెకనులో పదో వంతు సేపు చూపించి, ఈ మనిషిని నమ్మవచ్చా, సమర్థుడేనా అని అడిగారు. ఆ రెప్పపాటులో చెప్పిన జవాబులు, తీరిగ్గా చూసి చెప్పిన జవాబులకు చాలా దగ్గరగా వచ్చాయి. ఆ జవాబులు నిజమా కాదా అన్నది వేరే ప్రశ్న, చాలాసార్లు నిజం కాకపోవచ్చు కూడా. కానీ తొలి అభిప్రాయం ముఖం చూసే పుడుతుందని, అదీ చాలా త్వరగా పుడుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది. అంటే చొక్కా ప్యాంటూ చేయాల్సిన మొదటి పని తమ గురించి తాము చెప్పుకోవడం కాదు, ఎదుటివాళ్ల చూపును ఎక్కడా ఆగనివ్వకుండా ముఖం దగ్గరికి చేర్చడం.

రెండో పరిశోధన కొంచెం బాధ పెట్టేది. డాంగ్‌వాన్ ఓ, ఎల్డార్ షఫీర్, టోడోరోవ్ ముగ్గురూ కలిసి చేసింది, 2020లో వచ్చింది. ఒకే ముఖానికి కాస్త కలిగినవాళ్లు వేసుకునేలా కనిపించే బట్ట ఒకసారి, కాస్త లేనివాళ్లు వేసుకునేలా కనిపించేది ఒకసారి జోడించి చూపిస్తే, మొదటి రకం బట్టలున్న ముఖాన్నే జనం ఎక్కువ సమర్థత గలదిగా చెప్పారు. బట్టల్ని పట్టించుకోవద్దని ముందే హెచ్చరించినా ఆ తేడా పోలేదు. పైపై బట్టలు చూసి మనిషి పనితనాన్ని అంచనా వేయడం అన్యాయమే. కానీ ఇంటర్వ్యూ గదిలో ఆ అన్యాయం ఉంటుందని తెలిసినప్పుడు, ఖరీదు పెంచకుండా దాన్నుంచి తప్పుకునే దారి వెతకాలి. ఆ దారి బ్రాండు బట్టల్లో లేదు. వెలిసిపోని రంగులో ఉంది, పసుపెక్కని కాలర్‌లో ఉంది.

ఇక జత సంగతి. దీన్ని మూడు మెట్లుగా ఊహించుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. చొక్కా ముఖం కంటే తేటగా ఉండాలి, ప్యాంటు ముఖం కంటే ముదురుగా ఉండాలి, ముఖం ఆ రెండిటికీ మధ్యలో పడాలి. లేతరంగు చొక్కా తనమీద పడ్డ వెలుతురులో కొంత గడ్డం కిందికి, బుగ్గలమీదికి తిప్పి పంపుతుంది, కాబట్టి పైనుంచి ట్యూబ్‌లైటు పడే ఆఫీసు గదిలో కళ్ల కింద, ముక్కు కింద పడే నీడలు కాస్త తగ్గుతాయి, మనిషి అలసిపోయినట్టు కనిపించడు. ముదురు ప్యాంటు కింద బరువుగా నిలబడుతుంది, చూపు అక్కడ ఆగదు. దీన్ని తలకిందులు చేసి, నల్ల చొక్కా వేసి కింద బిస్కెట్ కలర్ ప్యాంటు వేస్తే ఏమవుతుందో అద్దం ముందు నిలబడి చూస్తే తెలుస్తుంది. అందరికంటే ముందు ప్యాంటే కనిపిస్తుంది, ఎందుకంటే ఉన్నవాటిలో తేటగా ఉన్నది అదే.

ఈ మూడు మెట్లు కుదిరాయో లేదో కంటితో చెప్పడం ఒక్కోసారి కష్టం, రంగు మోజులో పడి తేటదనం ఎంతో కన్ను సరిగ్గా కొలవలేదు. దానికి ఒక తేలిక పరీక్ష ఉంది. జత వేసుకుని, గుమ్మం దగ్గర ఎండ నేరుగా పడని వెలుతురులో నిలబడి, ఇంట్లో ఎవరిచేతైనా నిలువెత్తు ఫొటో తీయించుకుని, ఫోన్‌లోనే దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేయాలి. రంగులన్నీ పోయి తేటదనం ఒక్కటే మిగులుతుంది. చొక్కా, ముఖం, ప్యాంటు మూడూ విడివిడిగా తెలిస్తే జత కుదిరినట్టే. చొక్కా, ప్యాంటు ఒకే బూడిదరంగులో కలిసిపోతే, ఉదాహరణకి మెరూన్ చొక్కా మీద ముదురు నీలం ప్యాంటు వేసినప్పుడు, మనిషి మొత్తం ఒక ముద్దలా కనిపిస్తాడు. రంగుల్లో చూసినప్పుడు బాగున్నట్టే ఉంటుంది కానీ గుమ్మం దగ్గరినుంచి కుర్చీ దాకా నడిచే ఆ నాలుగడుగుల్లో గుర్తుండేది ఆ ముద్దే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "నువ్వు నలుపు, లేతరంగులు నీకు నప్పవు" అని మన ఇళ్లలో, షాపుల్లో కూడా, ఎంత తేలిగ్గా అనేస్తారో అందరికీ తెలుసు. ఇది బాధ పెట్టే మాట, పైగా తప్పు మాట. చామనఛాయ ముఖానికీ, నల్లని ముఖానికీ లేతనీలం చాలా బాగా కుదురుతుంది. కారణం రంగుల లెక్కలోనే ఉంది. ఫ్రాన్స్‌లో గోబెలిన్స్ అనే తివాచీల కార్ఖానాలో అద్దకం విభాగం చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్, నల్లదారం మంచి నలుపుగా రావడం లేదని ఫిర్యాదులొస్తుంటే వెతికి చూశాడు. అద్దకంలో లోపం లేదు, ఆ దారం పక్కన నేసిన నీలం, ఊదా రంగులే దాన్ని వెలవెలపోయేట్టు చేస్తున్నాయి. ఒక రంగు పక్కనున్న రంగును తనకి ఎదురు రంగువైపు నెడుతుందని ఆయన 1839లో వివరంగా రాశాడు. మన చర్మం ఎంత తేటదైనా ముదురైనా మూలంలో నారింజ గోధుమ రంగే, నీలానికి ఎదురు రంగు నారింజ. అందుకే లేతనీలం పక్కన చర్మం వెచ్చగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. ఆవపిండి పసుపు చొక్కా పక్కన అదే ముఖం పాలిపోయినట్టు ఉంటుంది. వెలుతురు, గాఢత మారితే ఈ ప్రభావం కూడా ఎక్కువ తక్కువ అవుతుంది కానీ, దిశ ఇదే.

మరి తెలుపు ఎందుకు వద్దు? వద్దని కాదు, తెలుపు రెండో స్థానం. తెలుపుతో ఉన్న చిక్కు అది దేన్నీ దాచదు. కొత్త తెల్లచొక్కా అంత తెల్లగా మెరవడానికి కారణం, బట్టకి మిల్లులో పట్టించే ఒక రసాయనం. అది ఎండలోని కంటికి కనపడని అతినీల కిరణాలను పీల్చుకుని, నీలపు వెలుగుగా బయటికి వదులుతుంది. అందుకే ఎండలో తెల్లచొక్కా ధగధగలాడుతుంది. ఆఫీసు గదుల్లో ఎక్కువగా వాడే ఎల్‌ఈడీ దీపాల్లో అతినీల కిరణాలు దాదాపు ఉండవు, అక్కడ ఆ ధగధగ పోయి బట్ట అసలు రంగు బయటపడుతుంది. నాలుగేళ్ల తెల్లచొక్కా వాకిట్లో బాగానే కనిపించి, లోపలికి వెళ్లాక కాలర్ దగ్గర పసుపుగా తేలడం అందువల్లే. నీలిమందు పెడితే కొంత సర్దుకుంటుంది, పసుపును నీలం కొట్టేస్తుంది కాబట్టి. కానీ మందు నీళ్లలో సరిగా కలపకుండా చొక్కా ముంచితే అక్కడక్కడ నీలిమచ్చలు పడతాయి, అవి పసుపు కంటే ఎక్కువ కనిపిస్తాయి. తెల్లచొక్కా కింద తెల్ల బనియను వేస్తే దాని అంచులు బయటికి తెలుస్తాయి, ఎందుకంటే బనియన్‌కీ చర్మానికీ మధ్య ఉన్న తేడానే చొక్కాలోంచి కనిపించేది. ఒంటిరంగుకి దగ్గరగా ఉన్న బనియనో, లేత బూడిదరంగు బనియనో వేసుకుంటే ఆ గీత మాయమవుతుంది. ఇన్ని జాగ్రత్తలు తీసుకోగలిగితే, చొక్కా నిజంగా కొత్తదైతే, తెల్లచొక్కా ముదురునీలం ప్యాంటు గొప్ప జత. బ్యాంకు ఉద్యోగాలకి ఇంకా బాగుంటుంది.

లేతనీలంలోనూ ఏ నీలం అన్నది ముఖ్యం. షాపులో "స్కై బ్లూ" అని చూపించేవాటిలో కనీసం మూడు మెట్లుంటాయి. ఒకటి తెల్లచొక్కాకి నీలిమందు కాస్త ఎక్కువైనట్టు ఉండేది. రెండోది, తెల్లవారాక మబ్బులేని ఆకాశం అంచులో ఉండే నీలం. మూడోది మధ్యాహ్నపు ఆకాశం, గట్టి నీలం. ఇంటర్వ్యూకి మొదటి రెండిటి మధ్యలో ఉన్నది కావాలి. మూడోదానికి నేవీబ్లూ ప్యాంటు తగిలిస్తే అది చాలా కాలేజీల యూనిఫాం, చాలాచోట్ల సెక్యూరిటీ గార్డుల యూనిఫాం కూడా. ఆ పనిలో తక్కువతనం ఏమీ లేదు. కాకపోతే ఎదుటివాళ్ల మనసు ఒక జతను ఇప్పటికే ఒక పనికి ముడివేసేసి ఉంటే, ఆ జతలో వచ్చిన మనిషిని వేరే పనిలో ఊహించుకోవడానికి వాళ్లకి ఒక క్షణం ఎక్కువ పడుతుంది. ఖాకీ ప్యాంటుతోనూ ఇదే ఇబ్బంది, ఆర్టీసీ బస్సు, పోలీసు స్టేషను వెంటనే గుర్తొస్తాయి. తెల్లచొక్కా తెల్లప్యాంటు అయితే చెప్పనక్కర్లేదు, ఎన్నికల ప్రచారమే. లేతనీలానికి బొగ్గురంగు, అంటే షాపుల్లో చార్‌కోల్ గ్రే అనే ముదురు బూడిద, జతచేస్తే ఏ యూనిఫాం గుర్తుకురాదు. నేవీబ్లూ కంటే దీన్ని ముందు పెట్టడానికి కారణం అదొక్కటే. మిగతా అన్ని విషయాల్లో రెండూ సమానమే.

చెమట సంగతి విడిగా చూడాలి, ఎందుకంటే శ్రీకాకుళం, విజయనగరం ఎండల్లో ఉక్క ముందు ఏ రంగు సిద్ధాంతమూ నిలవదు. నూలుబట్టలో పోగుల మధ్య గాలి ఉంటుంది, వెలుతురు ఆ పోగులకీ గాలికీ మధ్య చెల్లాచెదురై తిరిగి బయటికొస్తుంది, అందుకే పొడిబట్ట తేటగా కనిపిస్తుంది. చెమట ఆ ఖాళీల్లో నిండితే వెలుతురు లోపలికి జారిపోతుంది, అక్కడ ముదురు మచ్చ పడుతుంది. ఈ మచ్చ బాగా లేతరంగులో తక్కువగా తెలుస్తుంది, బాగా ముదురురంగులోనూ తక్కువే, మధ్యరకంలో మాత్రం దారుణంగా తెలుస్తుంది. బూడిదరంగు చొక్కా, గట్టి ఆకాశనీలం చొక్కా ఇందులో అన్నిటికంటే ముందుంటాయి. పరీక్ష చేయడం తేలిక. చొక్కా కింది అంచు, ప్యాంటులోకి దోపుకునే భాగం, వేలికొనతో తడిపి చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూడాలి. తడిచుక్క ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే ఆ చొక్కా పనికొస్తుంది. చూడగానే కనిపిస్తే చంకల దగ్గర కూడా అలాగే కనిపిస్తుంది, ఆ చొక్కా పక్కన పెట్టేయాలి.

ప్యాంటు దగ్గర జరిగే మోసం నలుపు. నలుపు చాలా నమ్మకంగా కనిపిస్తుంది, కొన్నరోజున. నూలుబట్టకి వేసే నల్లరంగుల్లో చాలావాటికి అడుగున ముదురు నీలమో మరో రంగో ఉంటుంది. ఉతికేకొద్దీ, ఎండలో ఆరేకొద్దీ అన్ని రంగులూ ఒకే వేగంతో పోవు, కాబట్టి నలుపు కాస్తా ఎర్రమట్టి ఛాయలోకో, పాచిరంగులోకో తిరుగుతుంది. రోజూ చూసే కంటికి ఆ మార్పు తెలియదు. తెలుసుకోవాలంటే ప్యాంటు కాలి దగ్గర మడిచి కుట్టిన అంచును కొంచెం తిప్పి, లోపల ఎండ తగలని బట్టనీ బయటి బట్టనీ పక్కపక్కన చూడాలి. తేడా కనిపిస్తే అది ఇంటర్వ్యూ ప్యాంటు కాదు. బొగ్గురంగులో ఈ వెలిసిపోవడం తక్కువగా తెలుస్తుంది, ఎందుకంటే కొంచెం తేలిపోయినా అది ఇంకా బూడిదరంగే.

షాపులో ఇంకొక తిరకాసు ఉంది. దీపాల కింద నలుపు, ముదురునీలం, బొగ్గురంగు మూడూ ఒకేలా కనిపిస్తాయి, ఒక దీపం కింద సరిగ్గా కలిసిన రెండు బట్టలు ఎండలో విడిపోతాయి కూడా. నలుపు అనుకుని ముదురునీలం కుట్టించుకుని, కింద నల్లబూట్లు వేశాక తేడా తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. అనుభవమున్న షాపాయన అయితే తనే తానులోంచి ఒక కొస లాగి ఇచ్చి "గుమ్మంలోకి పట్టుకెళ్లి చూసుకో బాబూ, లోపలైతే ఏటి తెలుస్తాది" అంటాడు. అలా అనకపోయినా అడిగి బయటికి తీసుకెళ్లాలి, ఎవరూ కాదనరు.

ఇప్పుడు ఒక జతను మొదటినుంచి ఎంచి చూద్దాం. చీపురుపల్లి దగ్గర ఊరి కుర్రాడు, బీఎస్సీ కెమిస్ట్రీ, పైడిభీమవరం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి పిలుపొచ్చింది అనుకుందాం. చేతిలో పది రోజులున్నాయి, కొత్తగా రెండు బట్టలకు మించి కొనే వీలు లేదు. బీరువాలో ఉన్నవి తెల్లచొక్కా ఒకటి, గట్టి ఆకాశనీలం చొక్కా ఒకటి, నిగనిగలాడే మెరూన్ చొక్కా ఒకటి, రెండేళ్ల నల్లప్యాంటు, కాలేజీ రోజుల నేవీబ్లూ ప్యాంటు, బిస్కెట్ కలర్ ప్యాంటు.

అన్నీ పగటి వెలుతురులో మంచంమీద పరిస్తే ముందు మెరూన్ చొక్కా పోతుంది. మెరుపువల్ల దీపం కింద తళుకు మచ్చలు పడతాయి, బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో ఏ ప్యాంటుతోనైనా కలిసిపోతుంది. తెల్లచొక్కా కాలర్ లోపలి మడత పసుపెక్కింది, పది రోజుల్లో నీలిమందుతో నెట్టుకురావచ్చు కానీ నమ్మలేం. ఆకాశనీలం వేలితడి పరీక్షలో ఓడిపోయింది. నల్లప్యాంటు అంచు తిప్పితే లోపల నలుపు, బయట గోధుమ. నేవీబ్లూ ప్యాంటు రంగు బాగానే ఉంది కానీ తొడలమీద మెరుస్తోంది. టెర్రీకాటన్, పాలిస్టర్ కలిసిన బట్టల్ని పైవైపు నుంచే వేడి ఇస్త్రీపెట్టెతో రుద్దడంవల్ల వచ్చే మెరుపు అది. తిరగేసి ఇస్త్రీ చేసినా, పైన తడిగుడ్డ వేసి చేసినా రాదు, ఒకసారి వచ్చాక మాత్రం పూర్తిగా పోదు. బిస్కెట్ కలర్ ప్యాంటు తేటగా ఉంది, చూపును కిందికి లాగుతుంది. కాబట్టి ఉన్నవాటిలో ఒక పూర్తి జత లేదు. ఇది చాలా ఇళ్లలో ఉండే పరిస్థితే, సిగ్గుపడాల్సింది కాదు.

కొనేటప్పుడు ముందు ప్యాంటు. రెడీమేడ్ కంటే పీసు తీసి కుట్టించడం మేలు, ఇక్కడి దర్జీలు పొడవు, నడుము కచ్చితంగా కూర్చగలరు, బట్ట రంగు ఎంచుకునే వీలూ ఎక్కువ. 58 అంగుళాల పన్నాలో సాధారణ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి 1.2 నుంచి 1.3 మీటర్లు సరిపోతుంది. పాలిస్టర్, విస్కోస్ కలిసిన మెరుపులేని రకం అడగాలి, బస్సులో కూర్చుని లేచినా మడతలు పెద్దగా నిలవవు. బొగ్గురంగు తానులు రెండు మూడు ఛాయల్లో ఉంటే, బాగా ముదురుగా ఉండి నలుపు దాకా వెళ్లనిది తీసుకోవాలి. గుమ్మంలో చూస్తే బూడిద అని తెలియాలి, రెండడుగులు వెనక్కి వెళ్తే ముదురుగానే ఉండాలి. కొన్నరోజే దర్జీకి ఇచ్చేస్తే కుట్టులో తేడా వస్తే సరిచేయించుకునే సమయం మిగులుతుంది.

తర్వాత చొక్కా. ఫుల్ హ్యాండ్స్, నూలు, లేతనీలం. షాపులో ఉన్న మూడిట్లో ఒకటి సాదా, ఒకటి సన్నని తెల్లచారలది, ఒకటి చిన్న గళ్లది. చారలు చాలా సన్నగా ఉంటే బల్ల అవతలినుంచి అవి కనిపించవు, నీలం ఇంకొంచెం లేతగా కనిపిస్తుంది అంతే, కాబట్టి అదీ మంచిదే. కాకపోతే ముందు రౌండు వీడియో కాల్‌లో ఉంటే సన్నచారలు కెమెరాలో అలలు అలలుగా కదులుతాయి, అక్కడ సాదానే మేలు. గళ్లు ముఖం దగ్గర చూపును ఆపుతాయి. ఈ కుర్రాడి ఇంటర్వ్యూ నేరుగానే, అయినా సాదా చొక్కానే తీసుకున్నాడనుకుందాం, తర్వాత ఎప్పుడు పనిపడినా వాడుకోవచ్చు. కూర్చున్నాక బల్ల పైన కనిపించేది చొక్కా మాత్రమే, ఇరవై నిమిషాలు పనిచేసేది అదే. అందుకని డబ్బులు ఏ కాస్త మిగిలినా ప్యాంటులో కాదు, చొక్కా కాలర్ గట్టిదనంలో పెట్టాలి. కాలర్ మెత్తగా వాలిపోతే ఎంత మంచి నీలమైనా నిన్నటి చొక్కాలాగే కనిపిస్తుంది.

కొన్న చొక్కాను ఒకసారి ఉతకాలి. మిల్లు గంజి పోయి బట్ట ఒంటికి అలవాటవుతుంది, రంగు దిగేదైతే ముందే తెలుస్తుంది. నీడలో, తిరగేసి ఆరేయాలి. ఆరాక మళ్లీ వేలితడి పరీక్ష చేయాలి, ఉతికాక ఫలితం కొన్నిసార్లు మారుతుంది.

మిగతా రంగుల గురించి క్లుప్తంగా. బాగా లేత గులాబీ, బాగా లేత లావెండరు రెండూ బొగ్గురంగు ప్యాంటుతో నిక్షేపంగా కుదురుతాయి, అమ్మకాల ఉద్యోగాలకి, ఆసుపత్రి ఫ్రంట్ ఆఫీసు పనులకి మరీ బాగుంటాయి. మీగడ రంగు చొక్కాకి ముదురు చాక్లెట్ ప్యాంటు మంచి జతే. మన పొందూరు ఖద్దరు చొక్కా ఈ మీగడ రంగులోనే ఎంతో అందంగా ఉంటుంది, పంతులు ఉద్యోగానికో స్వచ్ఛంద సంస్థ ఉద్యోగానికో వేసుకుంటే దానికో గౌరవం ఉంది, కానీ గంజిపెట్టి ఇస్త్రీ చేసినా బస్సు దిగేసరికి నలిగిపోతుంది కాబట్టి దగ్గర్లో మార్చుకునే చోటు ఉంటేనే. ఆకుపచ్చలు, నారింజలు, ముదురు ఎరుపులు ఆ రోజుకి పక్కన పెట్టడమే మంచిది. బెల్టు, బూట్లు ఒకే రంగు, బొగ్గురంగుకి నలుపు. మేజోళ్లు ప్యాంటు రంగులో ఉండాలి, కూర్చున్నప్పుడు ప్యాంటు పైకి జరిగి తెల్ల మేజోళ్లు కనిపిస్తే ఇందాకటి మూడు మెట్ల లెక్క అక్కడే తప్పుతుంది. ప్యాంటు, చొక్కా వేసుకుని వెళ్లే అమ్మాయిలకీ ఇదంతా ఇలాగే వర్తిస్తుంది.

ఆ రోజు ఉదయం చేయాల్సింది ఒకటే. కుర్రాడు బొగ్గురంగు ప్యాంటు, పాత టీషర్టు వేసుకుని బయలుదేరతాడు. లేతనీలం చొక్కా ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కి తగిలించి, పైన పాత బట్టల షాపు కవరు తొడిగి చేత్తో పట్టుకుంటాడు, బస్సులో కిటికీ పక్క కొక్కేనికి వేలాడదీస్తాడు. విజయనగరం కాంప్లెక్స్‌లో బస్సు మారేటప్పుడు చెమట పట్టినా ఆ చొక్కాకి అంటదు. పైడిభీమవరంలో దిగి, ఏదైనా టిఫిన్ హోటల్లో ఫ్యాను కింద పది నిమిషాలు కూర్చుని, ముఖం మెడ చల్లటి నీళ్లతో కడుక్కుని, పూర్తిగా ఆరాకే చొక్కా తొడుక్కోవాలి. తడి మెడమీద తొడిగితే కాలర్ లోపలి అంచు ముదురుబారి, బల్ల అవతల కూర్చున్నవాళ్లకి సరిగ్గా ముఖం కిందే ఒక గీతలా కనిపిస్తుంది. బయటికొచ్చే ముందు హోటలు అద్దంలో చూసుకోవాల్సింది ఆ గీత ఉందా లేదా అని.